ఒకే మెటీరియల్, రెండు రసీదులు: ధర విచక్షణ ఎవరికి లాభం, ఎవరికి నష్టం

హన్మకొండలో గ్రూప్-2కి చదివే ఇద్దరు రూమ్మేట్లు ఒకే సంస్థ దగ్గర ఒకే టెస్ట్ సిరీస్ తీసుకున్నారనుకుందాం. అవే ప్రశ్నలు, అదే యాప్, కొరియర్‌లో వచ్చే పుస్తకాలూ అవే. ఒకరి రసీదు మీద రూ.3,200, ఇంకొకరి రసీదు మీద రూ.2,200. మొదటాయన ఒక ప్రైవేటు బ్యాంకులో పని చేస్తూ చదువుతున్నాడు. రెండో ఆయన డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. "గింత తేడా ఏందన్నా?" అని కౌంటర్ దగ్గర అడిగితే "వాళ్లకు నిరుద్యోగి రాయితీ ఉంది" అంటారు.

నిజంగా అది రాయితీయేనా? లేక ఉద్యోగి మీద వేసిన అదనపు భారానికి పెట్టిన మంచి పేరా? ఈ ప్రశ్నకు రసీదులు చూసి జవాబు చెప్పలేం. రెండు ధరలు లేకపోతే ఆ సంస్థ పెట్టే ఒక్క ధర ఎంత ఉండేదో తెలియాలి. ధర విచక్షణ గురించిన వాదమంతా చివరికి ఆ కనపడని మూడో ధర చుట్టూనే తిరుగుతుంది.

ఏది ధర విచక్షణ, ఏది కాదు

ఒకే వస్తువును లేదా సేవను, దాన్ని అందించడానికయ్యే ఖర్చులో అంత తేడా లేకపోయినా, వేర్వేరు కొనుగోలుదారులకు వేర్వేరు ధరలకు అమ్మడమే ధర విచక్షణ. ఇందులో ఖర్చు అన్న మాటను వదిలేస్తే అర్థమే మారిపోతుంది.

ఎనుమాముల మార్కెట్లో ఒక రైతు మిర్చికి ఎక్కువ ధర పడి, పక్క రైతు మిర్చికి తక్కువ పడిందంటే అది విచక్షణ అని వెంటనే అనలేం. రకం వేరై ఉండొచ్చు, తేమ ఎక్కువై ఉండొచ్చు, తాలు కలిసి ఉండొచ్చు. అప్పుడు అక్కడున్నవి రెండు వేర్వేరు సరుకులు. దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది. హన్మకొండలో ఉన్న సంస్థ తన పుస్తకాలను హన్మకొండకూ ఏటూరునాగారానికీ ఒకే ధరకు, కొరియర్ ఖర్చు తానే పెట్టుకొని పంపితే రసీదు మీద అంకె ఒక్కటే. కానీ ఖర్చు పోను సంస్థకు మిగిలేది ఏటూరునాగారం వాళ్ల దగ్గర తక్కువ, ఊళ్లో వాళ్ల దగ్గర ఎక్కువ. ఒకే ధర ఉన్నా ఇది విచక్షణే.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకాన్ని కూడా కొందరు ఈ గంపలోనే వేస్తారు. ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్, మగవాళ్లకు మామూలు టికెట్. చూడటానికి రెండు ధరలే. అయితే జీరో టికెట్ విలువను ఆర్టీసీకి చెల్లించాల్సింది ప్రభుత్వం. అది విధానంగా ఇచ్చిన సబ్సిడీ, లాభం పెంచుకోవడానికి సంస్థ వేసిన ఎత్తు కాదు. దాని మంచిచెడ్డలు వేరే లెక్క.

మూడు రకాలు

1920లో కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త ఆర్థర్ సెసిల్ పిగూ దీన్ని మూడు శ్రేణులుగా విడదీశాడు. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ విభజనే నడుస్తోంది. మొదటి శ్రేణిలో ఒక్కొక్క మనిషి గరిష్ఠంగా ఎంత పెట్టగలడో అంతా రాబట్టుకుంటారు. రెండో శ్రేణిలో అమ్మేవాడు మనుషులను గుర్తుపట్టడు, పెద్ద ప్యాకెట్టు చిన్న ప్యాకెట్టు, ఏసీ కోచ్ జనరల్ కోచ్ అంటూ రకాలు ముందు పెడతాడు. ఎవరి గుంపులోకి వాళ్లు తామే వెళ్లి కూర్చుంటారు. మూడో శ్రేణిలో ఐడీ కార్డో, వయసో, ఊరో చూసి గుంపులు చేసి, గుంపుకొక ధర పెడతారు. మన రెండు రసీదులు ఈ మూడో శ్రేణివి. జనం రోజూ చూసేదీ, గొడవ పడేదీ ఎక్కువగా దీని గురించే కాబట్టి వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే.

ఒకే ధర ఉంటే ఏమయ్యేది

లెక్క సులువుగా ఉండేందుకు అంకెలు ఊహించినవి. పుస్తకాల అచ్చు, కొరియర్ కలిపి ఒక్కో అభ్యర్థికి సంస్థకయ్యే అదనపు ఖర్చు రూ.400. దీన్నే ఉపాంత వ్యయం అంటారు.

ఉచితంగా ఇస్తే ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు 600 మంది తీసుకుంటారు. ధర వంద రూపాయలు పెరిగినప్పుడల్లా 10 మంది తప్పుకుంటారు. రూ.6,000 దగ్గర ఎవరూ మిగలరు. నిరుద్యోగులు ఉచితమైతే 400 మంది. వాళ్లలోనూ వందకు 10 మంది చొప్పున తగ్గుతారు, రూ.4,000 దగ్గర సున్నా.

అందరికీ ఒకే ధర పెట్టాల్సి వస్తే సంస్థకు ఎక్కువ లాభం ఇచ్చేది రూ.2,700. ఆ ధరకు 330 మంది ఉద్యోగులు, 130 మంది నిరుద్యోగులు, మొత్తం 460 మంది కొంటారు. ఒక్కొక్కరి మీద రూ.2,300 మిగులుతుంది కాబట్టి లాభం రూ.10,58,000. ధర రూ.2,600 చేసినా, రూ.2,800 చేసినా లాభం రూ.10,56,000కు పడిపోతుంది. అందుకే రూ.2,700 దగ్గర ఆగుతుంది. మొదట్లో చెప్పిన కనపడని మూడో ధర ఇదే.

ఇప్పుడు సంస్థ ఒక సంగతి గమనిస్తుంది. ఈ ధర మీద ఇంకో వంద పెంచితే ఉద్యోగుల్లో 330కి 10 మంది, అంటే మూడు శాతం పోతారు. నిరుద్యోగుల్లో 130కి 10 మంది, దాదాపు ఎనిమిది శాతం పోతారు. ధరకు జనం ఎంత గట్టిగా స్పందిస్తారన్న ఈ కొలతనే డిమాండు వ్యాకోచత్వం అంటారు. ఎక్కువగా స్పందించే గుంపుకు ధర తగ్గించడం, పెద్దగా కదలని గుంపుకు పెంచడం సంస్థకు లాభం. విద్యార్థి రాయితీల వెనక దయ ఉండదని కాదు, కానీ దయ లేకపోయినా అవి ఉండేవే.

విడివిడిగా లెక్క వేస్తే ఉద్యోగులకు రూ.3,200, నిరుద్యోగులకు రూ.2,200 సరైన ధరలు. 280 మంది ఉద్యోగులు, 180 మంది నిరుద్యోగులు కొంటారు. లాభం రూ.11,08,000. రెండు ధరలు పెట్టినందుకు సంస్థకు అదనంగా వచ్చింది రూ.50,000.

కరపత్రం మీద మాత్రం "నిరుద్యోగులకు రూ.1,000 తగ్గింపు" అని ఉంటుంది. అందులో నిజంగా తగ్గింది రూ.500. మిగతా రూ.500 ఉద్యోగుల ధర పెంచడం వల్ల కనిపించే తేడా.

రూ.25,000 ఎక్కడికి పోయాయి

కొనేవాళ్ల వైపు నుంచి చూద్దాం. రూ.4,000 దాకా పెట్టడానికి సిద్ధపడ్డవాడికి అదే మెటీరియల్ రూ.2,700కే దొరికితే వాడికి రూ.1,300 మిగిలినట్టు. ఇలా అందరికీ మిగిలింది కూడితే వచ్చేదే వినియోగదారుల మిగులు.

ఒకే ధర ఉన్నప్పుడు ఉద్యోగుల మిగులు రూ.5,44,500. రెండు ధరలప్పుడు అది రూ.3,92,000కు తగ్గింది, అంటే రూ.1,52,500 నష్టం. నిరుద్యోగుల మిగులు రూ.84,500 నుంచి రూ.1,62,000కు పెరిగింది, రూ.77,500 లాభం. సంస్థ లాభం రూ.50,000. మూడూ కలిపితే సమాజం మొత్తానికి రూ.25,000 తరుగు.

అమ్మకాలు అప్పుడూ 460, ఇప్పుడూ 460. మరి తరుగు ఎలా వచ్చింది? ఆ 460 మందిలో 50 మంది మారిపోయారు. బయటికి పోయింది రూ.2,700 నుంచి 3,200 మధ్య విలువ కట్టిన 50 మంది ఉద్యోగులు, సగటున వాళ్లకు మెటీరియల్ విలువ రూ.2,950. లోపలికి వచ్చింది రూ.2,200 నుంచి 2,700 మధ్య విలువ కట్టిన 50 మంది నిరుద్యోగులు, సగటున రూ.2,450. ఒక్కో మార్పిడిలో రూ.500 విలువ జారిపోయింది. 50 మార్పిళ్లకు సరిగ్గా రూ.25,000.

డిమాండు ఇలా సరళరేఖగా ఉండి, ఒకే ధరలోనూ రెండు గుంపులూ కొంటున్నప్పుడు మొత్తం అమ్మకం మారదని జోన్ రాబిన్సన్ 1933లోనే చూపించింది. తర్వాత రిచర్డ్ ష్మాలెన్సీ 1981లో, హాల్ వేరియన్ 1985లో దాన్ని ఇంకా బిగించారు. మూడో శ్రేణి విచక్షణ వల్ల మొత్తం సంక్షేమం పెరగాలంటే మొత్తం అమ్మకం పెరిగి తీరాలి. పెరిగినంత మాత్రాన మేలు జరిగిందని హామీ లేదు. పెరగలేదంటే మాత్రం కీడే.

ఇది పనికొచ్చే పరీక్ష. "రాయితీ ఇచ్చాం, పేదలకు మేలు చేశాం" అన్నవాణ్ని అడగాల్సింది రాయితీ ఎంత అని కాదు. మొత్తం ఎంతమందికి అందింది, ఇదివరకటి కంటే పెరిగిందా అని.

ఎవరి రూపాయికి ఎంత బరువు

పై లెక్కలో ఒక మెలిక ఉంది. నిరుద్యోగి "రూ.2,450కి మించి పెట్టలేను" అన్నాడంటే ఆ మెటీరియల్ వాడికి తక్కువ అవసరమని కాదు, జేబులో అంతే ఉందని. సంక్షేమ లెక్క ఇద్దరి రూపాయినీ ఒకే తూకం వేస్తుంది. జీతం ఉన్నవాడి వంద రూపాయలూ, ఇంటి నుంచి నెలకు తెప్పించుకునేవాడి వంద రూపాయలూ సమానమే అంటుంది.

ఒప్పుకోనక్కర్లేదు. నిరుద్యోగి రూపాయికి ఎక్కువ బరువు ఇవ్వాలనుకుంటే ఎంత ఇస్తే లెక్క తిరగబడుతుందో చూడొచ్చు. ఉద్యోగుల నష్టంలోంచి సంస్థ లాభం తీసేస్తే రూ.1,02,500. నిరుద్యోగుల లాభం రూ.77,500. వాళ్ల రూపాయిని సుమారు రూ.1.32గా లెక్కిస్తే రెండూ సరితూగుతాయి. అంతకంటే ఎక్కువ బరువు ఇచ్చేవాళ్లకు ఈ విచక్షణ మేలుగానే కనిపిస్తుంది. అదేమీ విపరీతమైన కోరిక కాదు, చాలామంది ఇచ్చే బరువు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఎదుటి పక్షం వాదనలోనూ బలం ఉంది. అసమానత తగ్గించే పని ఒక ప్రైవేటు సంస్థ ధరల పట్టికకు అప్పజెప్పితే అది పేదవాణ్ని చూడదు, బేరమాడగలిగేవాణ్ని చూస్తుంది. పది వేల జీతానికి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ చదివే అమ్మాయి పట్టికలో "ఉద్యోగి". నాన్న పంపే డబ్బుతో హాయిగా చదువుకునే అబ్బాయి "నిరుద్యోగి". ఆమె కట్టేది రూ.3,200, అతను కట్టేది రూ.2,200.

తలుపు మూసి ఉన్న గుంపు

ఇప్పుడు అంకెలు కొంచెం మారుద్దాం. ఉద్యోగుల సంగతి అంతే. నిరుద్యోగులు మాత్రం ఎక్కువమంది, జేబులు ఇంకా పలచన. ఉచితమైతే 800 మంది, వంద పెరిగినప్పుడల్లా 50 మంది తగ్గి, రూ.1,600 దగ్గర సున్నా.

ఒకే ధర పెట్టి ఇద్దరికీ అమ్మాలంటే సంస్థ సుమారు రూ.1,370కి దిగాలి. అప్పుడు లాభం రూ.5,60,000 చిల్లర. నిరుద్యోగులను వదిలేసి ఉద్యోగులకు మాత్రమే రూ.3,200కి అమ్మితే రూ.7,84,000. ఏ సంస్థ అయినా రెండోదే ఎంచుకుంటుంది. ఒకే ధర అన్న నియమం కింద నిరుద్యోగులకు ఒక్క సెట్టు కూడా అందదు.

రెండు ధరలకు అనుమతిస్తే ఉద్యోగుల ధర రూ.3,200 దగ్గరే ఉంటుంది, పైసా పెరగదు. నిరుద్యోగులకు రూ.1,000కి తలుపు తెరుచుకుంటుంది. 300 మంది కొంటారు. సంస్థకు అదనంగా రూ.1,80,000, ఆ 300 మందికి కలిపి రూ.90,000 మిగులు. ఎవరికీ నష్టం లేదు.

మొదటి కథలో ఒకే ధర చట్టం పెడితే ఉద్యోగులు బాగుపడతారు, మొత్తం మీద కూడా కొంచెం మేలే. రెండో కథలో అదే చట్టం 300 మంది ముఖాన తలుపు వేస్తుంది. బయటి నుంచి చూసేవాడికి రెండు కథల్లోనూ కనిపించేది మాత్రం ఒకే దృశ్యం, రెండు రసీదులు. తేడా పట్టుకోవాలంటే రాయితీ మొదలైన రోజు అసలు ధర ఏమైందో చూడాలి. అది కదలకుండా ఉండి, ఇదివరకు కౌంటర్ దగ్గరికే రాని గుంపు కొత్తగా వస్తుంటే రెండో కథకు దగ్గర. రాయితీ ప్రకటించిన వారంలోనే "అసలు ధర" పైకి జరిగితే మొదటి కథ.

మొదటి కథలోనే ఇంకో మలుపు

ప్రశ్నలు రాయించడానికి, సరిచూడటానికి, యాప్ తయారు చేయడానికి ముందే పెట్టాల్సిన స్థిర ఖర్చు ఒకటుంటుంది. ఒక్కడు కొన్నా వెయ్యిమంది కొన్నా అది మారదు. ఆ ఖర్చు రూ.10,80,000 అనుకోండి. ఒకే ధరలో వచ్చేది రూ.10,58,000, అంటే రూ.22,000 లోటు. ఆ సంస్థ టెస్ట్ సిరీస్ మొదలే పెట్టదు. రెండు ధరల్లో రూ.11,08,000 వస్తుంది, ఖర్చులు పోను రూ.28,000 మిగులుతుంది.

అప్పుడు పోల్చాల్సింది ఒకే ధరనూ రెండు ధరలనూ కాదు. రెండు ధరలకు మెటీరియల్ ఉండటాన్నీ, అసలు మెటీరియలే లేకపోవడాన్నీ. కొనేవాళ్లకు మిగిలే రూ.5,54,000 మొత్తం ఆ విచక్షణ పుణ్యమే అవుతుంది. మందుల కంపెనీలు, విమానయాన సంస్థలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు ఎప్పుడూ ఈ వాదనే చేస్తాయి. ఒక్కోసారి నిజమే. అయితే స్థిర ఖర్చు రూ.10,58,000 కంటే ఒక్క రూపాయి తక్కువైనా ఈ వాదన కూలిపోతుందన్నది గుర్తుంచుకోవాలి. ఖాతా పుస్తకాలు చూపించకుండా ఈ మాట చెప్పేవాళ్లను సగమే నమ్మాలి.

కారిపోయే చోట్లు

రెండు ధరలు నిలబడాలంటే సంస్థకు మూడు కావాలి. ధర కాస్త పెంచినా జనమంతా పక్క దుకాణానికి పోనంత పట్టు ఉండాలి. ఎవరు ఏ గుంపో తెలియాలి. తక్కువ ధరకు కొన్నవాడు ఎక్కువ ధరవాడికి అమ్మకుండా చూడాలి. ఎక్కువగా దెబ్బతినేది చివరి రెండూ.

ఉద్యోగం ఉందని నిరూపించే కాగితం ఉంటుంది గాని, లేదని నిరూపించే కాగితం ఎక్కడ దొరుకుతుంది? అందుకే సంస్థలు వయసునో, యూనివర్సిటీ ఐడీ కార్డునో పట్టుకుంటాయి. పాత ఐడీ కార్డు తమ్ముడిది తెచ్చినా కౌంటర్‌లో ఫొటో పట్టి పట్టి చూసేవాళ్లు తక్కువ. మన మొదటి కథలో రూ.3,200 కట్టాల్సిన ఉద్యోగి రూ.2,200కి జారుకుంటే సంస్థకు వెయ్యి పోతుంది. రెండు ధరల వల్ల వచ్చిన అదనం రూ.50,000 కాబట్టి, 280 మందిలో అలాంటివాళ్లు 50 మంది దాటితే సంస్థకు ఒకే ధరే నయం. వందలో 18 మంది అబద్ధం ఆడితే చాలు, రాయితీ మాయమవుతుంది. అప్పుడు దెబ్బ తగిలేది నిజమైన నిరుద్యోగికి.

ఇక పుస్తకాల సంగతి. ఒక్కరు కొంటే జిరాక్స్ సెంటర్లో స్పైరల్ బైండింగ్‌తో పది కాపీలు అవుతాయి. అందుకే సంస్థలు ప్రతి పేజీ మీద కొన్నవాడి పేరు, ఫోన్ నంబరు పలచగా అచ్చు వేస్తాయి, అసలు పరీక్షలను యాప్‌లో పెట్టి ఒక లాగిన్ ఒకే ఫోన్‌లో తెరుచుకునేలా చేస్తాయి. కాపీలు ఆపడం ఒక్కటే వాటి ఉద్దేశం కాదు. రెండు ధరల మధ్య గోడ కట్టడం కూడా. ప్రయాణం, వైద్యం, పాఠం లాంటి సేవల్లో ధర విచక్షణ ఎక్కువగా కనిపించేది ఇందుకే. కటింగ్ చేయించుకుని దాన్ని వేరేవాడికి అమ్మలేం కదా.

పోటీ వస్తే ఇంకో రకంగా మారుతుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక సంస్థ, హన్మకొండలో ఒక సంస్థ ఉన్నాయనుకుంటే, ఎవరి ఊరివాళ్లు వాళ్లకు ఎలాగూ వస్తారు. అశోక్‌నగర్ సంస్థ వరంగల్ వాళ్లకు ప్రత్యేక తగ్గింపు ఇస్తుంది, హన్మకొండ సంస్థ హైదరాబాద్ వాళ్లకు ఇస్తుంది. ఒకరి కంచుకోటలో ఇంకొకరు ధర దించుతూ పోతే రెండు చోట్లా ధరలు దిగొచ్చు. పైన సంస్థ ఒక్కటే ఉన్నట్టు, అంటే ఏకస్వామ్యం ఉన్నట్టు వేసుకున్న లెక్కను పోటీ ఉన్న చోట అలాగే అతికించకూడదు.

సీట్లు లెక్కగా ఉన్న చోట కూడా అంతే. తెలంగాణలోని ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఒకే తరగతి గదిలో కూర్చునే విద్యార్థులకు మూడు ఫీజులు. సగం సీట్లు 'ఎ' కేటగిరీ, ఏడాదికి రూ.60,000. 35 శాతం బి కేటగిరీ, లక్షల్లో. 15 శాతం సి కేటగిరీ, బి ఫీజుకు రెండింతల దాకా. ఈ ధరలు కాలేజీ తనకు నచ్చినట్టు పెట్టేవి కావు, నియంత్రణ ఉంది. సీట్లు అనుమతి ఇచ్చినన్నే కాబట్టి మొత్తం పెరిగిందా అన్న పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు. పైవాళ్లు కట్టే ఫీజు కిందివాళ్ల ఖర్చును మోస్తుందా, అందుకోసం ర్యాంకులో ఎంత కిందికి దిగాల్సి వస్తుంది అన్నవే అక్కడి ప్రశ్నలు.

కావాలని పాడుచేయడం

రెండో శ్రేణి గురించి ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో జరిగే నష్టం మూడో శ్రేణిలో కనిపించదు. మనుషులను గుర్తుపట్టలేని సంస్థ, డబ్బున్నవాడు చౌక రకం వైపు పోకుండా ఎలా ఆపుతుంది? చౌక రకాన్ని కాస్త ఇబ్బందిగా చేసి.

ఫ్రెంచ్ ఇంజినీరు జూల్ ద్యుపుయి 1849లోనే రైళ్ల గురించి ఈ మాట చెప్పాడు. మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడం కప్పు ఖర్చుకు భయపడి కాదు, రెండో తరగతి టికెట్ కొనగలిగినవాళ్లు మూడో తరగతిలో ఎక్కకుండా భయపెట్టడానికి అన్నాడు. పేదవాణ్ని బాధపెట్టాలన్న కోరిక లేదు, ఉన్నవాణ్ని బెదిరించాలని చేసిన పనిలో పేదవాడు తడిశాడు. దీనికి ఆధునిక ఉదాహరణ ఐబీఎం లేజర్ ప్రింటర్. 1990లో చౌక మోడల్ తెచ్చినప్పుడు నిమిషానికి పది పేజీలు ముద్రించే యంత్రాన్నే ఐదు పేజీలకు నెమ్మదింపజేసి అమ్మారు. నెమ్మదింపజేయడానికి అదనంగా ఖర్చు కూడా పెట్టారు.

ఇందులోనూ రెండు వైపులున్నాయి. నెమ్మది ప్రింటర్ లేకపోతే చిన్న దుకాణదారుకు ఏ ప్రింటరూ దొరక్కపోవచ్చు. అయితే ఎక్కడా ఉపయోగపడకుండా పోయిన ఆ ఐదు పేజీల వేగం ఎవరి ఖాతాలోనూ పడని నష్టం.

ఫోన్ మన జేబును చదివితే

2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఉబర్‌లకు నోటీసులు ఇచ్చింది. ఒకే ప్రయాణానికి ఐఫోన్‌లో ఒక ధర, ఆండ్రాయిడ్‌లో ఒక ధర చూపిస్తున్నారన్న ఫిర్యాదుల మీద. రెండు సంస్థలూ ఫోన్ రకాన్ని బట్టి ధర పెట్టడం లేదన్నాయి. ఆ ఫిర్యాదుల నిజానిజాలు పక్కన పెడితే, జనం భయం మొదటి శ్రేణి గురించి. గుంపు కాదు, ఒక్కో మనిషి.

మన మొదటి కథలోనే దాన్ని చివరి దాకా లాగి చూద్దాం. ప్రతి అభ్యర్థి గరిష్ఠంగా ఎంత పెట్టగలడో సంస్థకు రూపాయితో సహా తెలుసనుకోండి. రూ.400 కంటే ఎక్కువ పెట్టగల ప్రతి ఒక్కరికీ అమ్ముతుంది. 560 మంది ఉద్యోగులు, 360 మంది నిరుద్యోగులు, మొత్తం 920 మంది. ఒకే ధరలో అమ్మిన 460కి సరిగ్గా రెండింతలు. కొనేవాళ్ల మిగులు, సంస్థ లాభం కలిపిన మొత్తం విలువ రూ.16,87,000 నుంచి రూ.22,16,000కు పెరుగుతుంది. సమర్థత కొలబద్దతో చూస్తే ఇంతకంటే మంచి ఫలితం లేదు.

ఒకే ధర ఉన్నప్పుడు కొనేవాళ్ల చేతిలో రూ.6,29,000 మిగులు ఉండేది. ఇప్పుడు సున్నా. పెరిగిన రూ.5,29,000, దానితో పాటు ఇదివరకు వాళ్ల దగ్గరున్న రూ.6,29,000 కూడా సంస్థ గల్లాపెట్టెలోకి పోతాయి. 920 మందికీ మెటీరియల్ అందుతుంది, ఒక్కరికీ "చౌకగా దొరికింది" అన్న సంతోషం ఉండదు. సంక్షేమం అన్న మాటతో మొత్తం విలువను కొలుస్తున్నామా, కొనేవాళ్లకు మిగిలేదాన్ని కొలుస్తున్నామా అన్నది ముందే చెప్పకపోతే, ఇక్కడ ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకే పట్టిక చూసి ఒకరు భేష్ అంటారు, ఒకరు ఘోరం అంటారు. ఇద్దరూ తప్పు చెప్పినట్టు కాదు.

నిజ జీవితంలో ఏ యాప్‌కూ మన మనసులోని అంకె రూపాయితో సహా తెలియదు. ఫోన్ మోడల్, ఉన్న ప్రాంతం, ఎన్నిసార్లు తెరిచి చూశాం, బ్యాటరీ ఎంతుంది లాంటి ఆనవాళ్లతో అంచనా కట్టే వీలుంది. కానీ అవసరమున్న సమయాన్ని బట్టి ధర పెరగడం వేరు. వాన పడుతున్న సాయంత్రం కాజీపేట స్టేషన్ బయట అందరికీ ఒకేలా పెరిగితే అది గిరాకీ ధర. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి, అదే నిమిషంలో, అదే చోటికి వేర్వేరుగా పెరిగితేనే విచక్షణ అని అనుమానించాలి. ఆ పరీక్షలో కూడా ఒకరికి కూపన్ తగిలిందా, ఇద్దరి లొకేషన్ పిన్ ఒకే గేటు మీద ఉందా అని చూడకుండా స్క్రీన్‌షాట్లు పోల్చితే సాక్ష్యం నిలవదు.

మన చట్టం వేర్వేరు ధరలను దానికదే తప్పుగా చూడదు. 2002 కాంపిటీషన్ చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ అన్యాయమైన లేదా విచక్షణతో కూడిన ధర విధిస్తే అది ఆధిపత్య దుర్వినియోగం. కాబట్టి మొదట తేలాల్సింది ఆధిపత్యం. అది లేని హన్మకొండ టెస్ట్ సిరీస్ సంస్థ రెండు రసీదులు రాసినా ఈ సెక్షన్ దాని జోలికి రాదు. బ్యాంకులో పనిచేసే రూమ్మేటుకు మిగిలిన దారి, పక్క సంస్థ ధర ఎంతో కనుక్కోవడమే.